ట్రే వెనక వైర్లు

ఎమ్మిగనూరు బస్టాండు వెనక వీధిలో శివన్న కంప్యూటర్ల అంగడి ఉంది. విడిభాగాలు తెప్పించి, అడిగినవాళ్లకు అడిగినట్టు కంప్యూటర్ బిగించి ఇచ్చే పని అక్కడ దీవెనది. ఇరవై ఆరేళ్ల పిల్ల. పాలిటెక్నిక్ చదివింది, చెయ్యి చురుకు, నోరు ఇంకాస్త చురుకు. నాలుగేళ్లలో ఆమె బిగించిన కంప్యూటర్లు ఒకవైపు ఆదోని దాకా, మరోవైపు మంత్రాలయం దాకా వెళ్లాయి.

ఆమె పనిని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవాళ్లు. క్యాబినెట్‌కు ఒకవైపు అద్దం తలుపు ఉంటుంది కదా, అందులోంచి చూస్తే లోపల ఒక్క వైరు వేలాడుతూ కనబడదు. అన్నీ వెనకనుంచి వచ్చి, కావలసిన చోట తలదూర్చి ఆగిపోతాయి. మదర్‌బోర్డును ఒక ఇనప పలక మీద బిగిస్తారు, దాన్నే ట్రే అంటారు. ఆ ట్రేకూ, రెండోవైపున్న రేకు తలుపుకూ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉంటుంది. వైర్లన్నిటినీ ఆ సందులోంచి నడిపి, ట్రేకు ఉన్న రంధ్రాల్లోంచి ఇవతలికి తీస్తే గాలికి అడ్డం ఉండదు, ఫ్యాన్లకు తగలవు, చూడ్డానికీ ముచ్చటగా ఉంటుంది. దీవెన బిగించినవి ఎంత ముచ్చటగా ఉంటాయంటే, వాటి ఫోటోలు తీసి అంగడి గోడకు అంటించాడు శివన్న.

ఆ ఫోటోలన్నీ అద్దం వైపునుంచి తీసినవే. వెనక రేకు తలుపు తీసి ఎవరూ ఫోటో తీయలేదు. తీయమని దీవెనా అడగలేదు.

మార్చి నెలలో సున్నపుదొడ్డినుంచి జ్ఞానరాజు వచ్చాడు. ఆ ఊళ్లో బడిపంతులు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. వాళ్ల రాతిచర్చి కట్టి మే నెలకు నూరేళ్లు నిండుతాయి. ఆనాటి ఆరాధనను నాలుగు కెమెరాలతో తీసి, అప్పటికప్పుడు యూట్యూబులో చూపించడానికి ఒక కంప్యూటర్ కావాలన్నాడు.

"ఊరంతా ఈడనే ఉంటారు గదా సార్, ఎవురు సూడాలని?" అని అడిగింది దీవెన.

"మా సుందరం సారు కోసమమ్మా. నాకూ, మా నాయనకూ పాట నేర్పింది ఆయనే. ఎనభై తొమ్మిదేండ్లు. తుంటి ఎముక విరిగి, కడపలో కూతురింట్లో ఉండాడు. లేసి కూసోగలడు గానీ, కారెక్కి ఇంత దూరం రాలేడు. 'నూరేండ్ల పండగ నేను సూడకపోతే ఎట్ల రా' అని చిన్నపిల్లోని మాదిరి అడుగుతాండాడు."

దీవెనకు ఆ మాట మనసుకు పట్టింది. తనూ చర్చికి పోయే ఇంట్లో పుట్టిన పిల్లే. మంచి భాగాలు ఎంచి పెట్టింది. ప్రాసెసర్ మీద పెద్ద కూలరు, దానికో ఫ్యాను, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, వేడిగాలి పైకి పోవడానికి పైకప్పులో ఇంకొకటి. కానీ బిగించిన రోజు అంగడిలో గిరాకీ ఎక్కువ. ముందువైపు అద్దంలా తీర్చిదిద్దింది. వెనకవైపుకు వచ్చేసరికి ఓపిక అయిపోయింది. ఎస్‌ఎంపీఎస్‌ అనే కరెంటు పెట్టెనుంచి వచ్చే వైర్లలో వాడనివి కూడా ఆ సందులోనే కుక్కింది. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి, రేకు తలుపు మూసుకోలేదు. మోకాలితో అదిమి మరలు బిగించింది. పైకప్పు ఫ్యాను వైరుకు వెనక చోటే మిగల్లేదు. దాన్ని లోపలే, పైకప్పు రేకు అడుగున, జిగురు క్లిప్పులు మూడు అంటించి నడిపింది. అద్దంలోంచి చూస్తే పైఅంచు చాటున ఉంటుంది, ఎవరికీ కనబడదు.

జ్ఞానరాజు అద్దంలోంచి చూసి, "అబ్బా, దేవుని మందసం మాదిరి ఉండాది" అన్నాడు. దీవెన పొంగిపోయింది.

మే నెల రెండో ఆదివారం పండగ. ఆ పొద్దున ఎనిమిదింటికి దీవెన తల దువ్వుకుంటుంటే ఫోను మోగింది.

"అమ్మా దీవెనా, నేను జ్ఞానరాజును. కంప్యూటరు పది నిమిషాలు నడిచి ఆరిపోతాండాది. బొమ్మ ఆగి ఆగి వస్తాది, ఆమీద టప్పుమని నిద్రపోతాది."

"నిన్న బాగుండెనా సార్?"

"నిన్న సాయంత్రం లోపల ఎవురో గోరుతో గీకినట్ల టకటకటక అని శబ్దం. మా మైకుసెట్టు సుంకప్ప ఎలుక దూరిందన్యాడు. దాన్ని ఎత్తి రెండుసార్లు ఊపినాడు. శబ్దం ఆగిపాయ. బాగయిందిలే అనుకున్యాం."

దీవెన చేతిలో దువ్వెన ఆగిపోయింది. "శబ్దం ఆగినాంకనే ఆరిపోతాండాదా?"

"ఔను."

"ఆన్ చేసేటప్పుడు తెల్ల అక్షరాలు ఏమన్నా వస్తాండాయా?"

"ఫ్యాను అని ఏదో రాసుంటాది. ఎఫ్ వన్ నొక్కమంటాది. సుంకప్ప నొక్కుతాండాడు."

"నొక్కొద్దని చెప్పండి సార్! అసలు ఆన్ చెయ్యొద్దు. నేను వస్తాండా."

శబ్దం వస్తున్నంతసేపు ఫ్యాను తిరుగుతున్నట్టే. రెక్కలకు ఏదో తగులుతోంది గానీ తిరుగుతోంది. శబ్దం ఆగిందంటే ఫ్యాను ఆగింది. ఈ ఎండల్లో కూలరు ఫ్యాను ఆగితే ప్రాసెసర్ కాగిపోయి, తన్ను తాను కాపాడుకోవడానికి ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ వేడి తగ్గకపోతే ఆరిపోతుంది. అంతవరకూ దీవెనకు ఇక్కడినుంచే తెలిసిపోయింది. తగిలింది ఏమిటన్నదే తెలియలేదు. తెలియలేదని తనకు తాను చెప్పుకుంది. పైకప్పు కింద అంటించిన మూడు క్లిప్పులు గుర్తుకొస్తూనే ఉన్నాయి.

అంగడి తాళాలు శివన్న దగ్గరున్నాయి. శివన్న ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని తెల్లారే మంత్రాలయం పోయాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. దర్శనం వరసలో ఉండుంటాడు. ఇంట్లో ఉన్న సంచీ వెతికింది దీవెన. స్క్రూడ్రైవర్లు, కట్టరు, గాలికొట్టే రబ్బరు బుంగ, ఒక పొట్లం జిగురు క్లిప్పులు ఉన్నాయి. వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు మాత్రం నాలుగే. అమ్మతో, "ఈపొద్దు నాకు ఆరాధన సున్నపుదొడ్డిలోనే" అని చెప్పి బస్టాండుకు పోయింది. పదిన్నరకు గానీ బస్సు దొరకలేదు.

చర్చి ముందర షామియానా వేస్తున్నారు. నీడలో ఒకావిడ బంతిపూల కుప్ప ముందు కూర్చుని దండలు కడుతోంది. లోపల, వేదిక పక్క చిన్న గదిలో బల్ల మీద కంప్యూటర్, దాని చుట్టూ నలుగురు పెద్దమనుషులు ఉన్నారు. రోగి మంచం చుట్టూ చేరినట్టు నిలబడ్డారు. సుంకప్ప మాత్రం బల్లకింద ఒక పల్లెంలో ఎండుచేప ముక్క పెడుతున్నాడు.

"అదేందన్నా?" అంది దీవెన.

"ఎలుకకు. వాసనకు బయటికి వస్తాదని."

"కంప్యూటరు ఆపి ఎంతసేపయింది?"

"నువ్వు ఫోన్లో చెప్పినాంక ముట్టలే తల్లీ."

దీవెన కరెంటు వైరు పీకేసింది. లోపల మిగిలిన కరెంటు పోవడానికి స్విచ్చు కాసేపు నొక్కి పట్టుకుంది. అద్దం తలుపు మరలు విప్పి పక్కన పెట్టి, టార్చి వేసింది. వెతకాల్సిన అవసరమే లేకపోయింది. పైకప్పు అడుగున క్లిప్పు ఒక్కటే మిగిలింది. మిగతా రెండూ ఊడి, వైరుతో సహా వేలాడుతున్నాయి. జిగురు ఎండకు కరిగి, దారాలు దారాలుగా సాగింది. వేలాడిన వైరు ఉచ్చులాగా కిందికి దిగి, కూలరు ఫ్యాను రెక్కల మధ్య ఇరుక్కుంది. ఫ్యానును వేలితో తోస్తే కదల్లేదు.

సుంకప్ప తొంగిచూసి, "ఎలుక కాదే!" అన్నాడు, కాస్త నిరాశగా.

"ఏమైందమ్మా?" అని అడిగాడు జ్ఞానరాజు.

దీవెనకు మూడు జవాబులు నోటిదాకా వచ్చాయి. దుమ్ము అనొచ్చు. తెచ్చేటప్పుడు ఆటోలో కుదుపులు అనొచ్చు. నిన్న సుంకప్ప ఎత్తి ఊపాడు కాబట్టి సుంకప్ప అని కూడా అనొచ్చు. నలుగురూ నమ్ముతారు. సుంకప్ప ముఖం చూస్తే అతను అప్పుడే సగం ఒప్పేసుకున్నట్టు ఉంది. ఆ ముఖం చూసే ఆమెకు నోరు పెగిలింది.

"నా తప్పు సార్. ఈ వైరును ట్రే వెనకనుంచి తీసుకోని పోయి కట్టల్ల. వెనక చోటు లేక, ఈడ జిగురుతో అంటించినా. వేడి అంతా పైకే పోతాది, ఈ ఎండకు జిగురు నిలవలే. వెనక చోటు లేకపోయిందీ నావల్లే. సరిగ్గా సర్దలే."

సుంకప్ప గట్టిగా ఊపిరి వదిలి, "నా మీదికి వస్తాదనుకుంటి. శానా మంచిదానివి పాపా" అన్నాడు. అందరూ నవ్వారు. జ్ఞానరాజు గడియారం చూసుకుని, "పదకొండున్నర. నాలుగింటికి మొదలు. అయితాదా?" అన్నాడు.

"అయితాది సార్."

ముందు వైరును మెల్లగా రెక్కల మధ్యనుంచి తీసింది. పైతోలు గీసుకుపోయింది గానీ లోపలి రాగి కనబడలేదు. రెక్కలు విరగలేదు. వేలితో తోస్తే ఫ్యాను సాఫీగా తిరిగింది. వైరును మళ్లీ ఏదో విధంగా పైన అంటించి మూసేస్తే పది నిమిషాల పని. సాయంత్రం గడిచిపోతుంది కూడా, బహుశా. దీవెన ఆ పది నిమిషాల పని చేయలేదు. క్యాబినెట్‌ను అటు తిప్పి, వెనక రేకు తలుపు మరలు విప్పింది. ఆఖరి మర ఊడగానే, లోపలి వైర్లు తోసిన తోపుకు తలుపు తనంతట తానే జారి ఠపీమని బల్లమీద పడింది.

"ఓయమ్మో!" అన్నాడు సుంకప్ప.

లోపల వైర్లన్నీ పిచ్చుక గూడులా ఉన్నాయి. దీవెన చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లకు తన పని వెనకవైపు నలుగురి ముందూ బయటపడింది. ఫోన్లో ఒక ఫోటో తీసుకుంది, ఏ వైరు ఏ సాకెట్టుకో గుర్తుండడానికి. కట్టరు తీసుకుని పాత టైలన్నీ ఒక్కొక్కటే కత్తిరించింది. ప్లాస్టిక్ టై ఒకసారి బిగిస్తే కోయడమే, మళ్లీ పనికిరాదు.

వాడని వైర్లను ముందు వేరుచేసింది. అవన్నీ అడుగున ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న ఖాళీ అరలోకి చుట్టి పంపింది. సగం గూడు అక్కడే ఖాళీ అయింది. మదర్‌బోర్డుకు పోయే లావు వైరును ట్రే మధ్యనున్న లోతైన గాడిలో పడుకోబెట్టింది. ప్రాసెసర్‌కు పోయేదాన్ని అంచు వెంట పైకి నడిపింది. సన్నవైర్లను వాటి పక్కన, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, చాప పరిచినట్టు పరిచింది. చివరికి పైకప్పు ఫ్యాను వైరు మిగిలింది. ఫ్యాను దగ్గరే ఉన్న రంధ్రంలోంచి దాన్ని వెనక్కి దూర్చి, ట్రే వెనకగా నడిపి, సాకెట్టు పక్క రంధ్రంలోంచి మళ్లీ ఇవతలికి తీసింది. ఇప్పుడు లోపల కనబడేది బొటనవేలంత ముక్క.

ట్రేకు అక్కడక్కడా చిన్న ఇనప కొక్కేలు ఉంటాయి, టై దూర్చి కట్టడానికే. దీవెన నాలుగు టైలూ లావు వైర్లకే సరిపోయాయి. చెయ్యి తీస్తే సన్నవైర్లు లేచి నిలబడుతున్నాయి. ఇంకో పది పన్నెండు కట్లు కావాలి.

సుంకప్ప పరిగెత్తిపోయి నల్లటేపు చుట్ట తెచ్చాడు. "దీంతో నేను లోకమంతా అతికిస్తా."

"జిగురు వద్దన్నా. జిగురుతోనే గదా ఈ గతి."

షామియానా కట్టే సన్న ఇనపతీగ తెచ్చాడు. "ఇది కరగదు."

"వైరు తోలు కోసుకపోతాది. లోపల కరెంటుండాది, ఇనుము వద్దు."

ఇంకేమి తేవాలో తెలియక సుంకప్ప తల గోక్కున్నాడు. ఎమ్మిగనూరులో ఆదివారం మధ్యాహ్నం ఎలక్ట్రికల్ అంగళ్లు తెరిచి ఉంటాయో లేదో, పోయి రావడానికి గంటన్నర. దీవెన గుమ్మంలోంచి బయటికి చూసింది. పూలావిడ కాలి బొటనవేలికి దారం తగిలించుకుని, మాట్లాడుతూనే, చేతులవైపు చూడకుండానే, పువ్వు మీద పువ్వు పెట్టి ముడివేస్తోంది. అన్ని ముడులూ ఒకే బిగువు. ఒక్క కాడా నలగలేదు.

"సార్, ఆమె ఎవురు?"

"హులిగెమ్మ. బోయగేరిలో ఉంటాది. జాతరకైనా, పెండ్లికైనా, మా చర్చికైనా పూలు ఆమెవే."

దీవెన వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. "అత్తా, నీ దారం కొంచెం కావల్ల. నీ చేతులు గూడా కావల్ల."

"ఏంటికే పాపా? ఆ పెట్టెకు దండ వేస్తావా?" అంటూనే హులిగెమ్మ దారపు ఉండ ఒళ్లో వేసుకుని లేచింది.

అది పూలు కట్టే గట్టి నూలుదారం, రెండు పేటలది. దీవెన లాగి చూసింది. తెగలేదు, సాగలేదు. ట్రే వెనక ఫ్యాన్లు లేవు కాబట్టి కొసలు రెక్కలకు చిక్కుకునే భయం లేదు. పొట్టిగా కత్తిరిస్తే చాలు.

"ఈ కొక్కెంలోంచి దూర్చి, ఈ వైర్లను కలిపి కట్టల్ల అత్తా. జారకూడదు, అట్లని నలగకూడదు."

"కనకాంబరం కాడ కంటే నాజూకా ఇది?"

"కాదు."

"అట్లయితే కూసో."

హులిగెమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని బల్లముందు నిలబడింది. దీవెన వైర్లను పట్టుకుంటే ఆమె దారం దూర్చి, రెండు చుట్లు వేసి, వేలి కొసతో మడత తిప్పి లాగుతుంది. ముడి పడినట్టే కనబడదు, కానీ కదలదు. నాలుగు వేళ్ల ఎడం వదిలి ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. సాకెట్ల దగ్గర మాత్రం బిగించవద్దని, కాస్త వదులు ఉండాలని, లేకపోతే లాగుడుకు ఊడతాయని దీవెన చెప్పింది. "జడ కొస కాడ వదులు పెట్టినట్ల" అని హులిగెమ్మ తలూపింది. కట్టుకుంటూనే దీవెన ఊరు, ఇంటిపేరు, జీతం, పెళ్లి ఎప్పుడన్నదీ వరసగా అడిగి తెలుసుకుంది. "దుడ్లు బాగిస్తాడా మీ శివన్న?" అని అడిగి, జవాబు విని పెదవి విరిచింది.

పద్నాలుగు కట్లకు ముప్పావు గంట పట్టింది. అయ్యాక దీవెన రేకు తలుపు తీసి ఆనించింది. మోకాలు అక్కర్లేదు. రెండు వేళ్లతో తోస్తే సొరుగు మూసుకున్నట్టు జారి కూర్చుంది. ఎందుకో ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ తలుపు తీసింది.

"ఏమి, తప్పు పడిందా?" అన్నాడు జ్ఞానరాజు కంగారుగా.

"లేదు సార్. ఒగ ఫోటో తీసుకుందామని."

తెల్లదారపు ముడులతో ఆ వెనకవైపు నిజంగానే అందంగా ఉంది. ఫోటోలో హులిగెమ్మ చెయ్యి కూడా పడింది, బొటనవేలికి పసుపురంగు పుప్పొడితో.

గాలిబుంగతో రెక్కల మీది దుమ్ము కొట్టింది. ఐదు ఫ్యాన్లనూ ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. తలుపులు బిగించి కరెంటు పెట్టి స్విచ్చు నొక్కితే తెల్ల అక్షరాలు రాలేదు. బయట నలభై ఒక్క డిగ్రీల ఎండ, గదిపైన రాతికప్పు. నాలుగు కెమెరాలూ పెట్టి గంటసేపు నడిపినా ప్రాసెసర్ వేడి డెబ్బై నాలుగు దాటలేదు. సుంకప్ప చెవి ఆనించి విని, "ఏమీ వినపడల్యా" అని, వెంటనే భయపడి, "ఆగిపాయనా?" అన్నాడు. అద్దంలోంచి తిరుగుతున్న రెక్కలను చూపిస్తే గానీ నమ్మలేదు.

నాలుగింటికి గంట మోగింది. చర్చి నిండిపోయి జనం షామియానా కిందికి పొంగారు. దీవెన చిన్నగదిలో తెరముందు కూర్చుంది. కెమెరాలు మార్చే పని తనే తీసుకుంది. మొదటి పాట సగంలో ఉండగా తెర పక్కన ఒక మాట కనబడింది. రాసింది కడపలో ఉన్న సుందరం సారు మనవరాలు. "తాతయ్యకు బాగా కనబడుతోంది. కుర్చీ ముందుకు జరుపుకున్నారు."

దీవెన గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

రెండో పాట అయ్యాక ఇంకో మాట వచ్చింది. "తాతయ్య అంటున్నారు: రెండో చరణంలో ఆడవాళ్లు పై స్థాయి అందుకోలేదు. జ్ఞానరాజు తొందరపెట్టాడు. ఊపిరి తీసుకోనీమని చెప్పండి."

చెప్పాలా వద్దా అని దీవెన సందేహించింది. ఒక కాగితం ముక్క మీద రాసి సుంకప్ప చేత పంపింది. జ్ఞానరాజు చదివాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కెమెరావైపు తిరిగి, అంతమంది ముందూ చేతులు కట్టుకుని, "సరే సార్" అన్నాడు. చర్చంతా గొల్లున నవ్వింది. వెనక వరసల్లో ముసలివాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. కాగితం చదవకపోయినా, అందులోని గొంతు ఎవరిదో వాళ్లందరికీ తెలుసు.

మూడో పాటకు జ్ఞానరాజు చెయ్యి నెమ్మదించింది. ఆడవాళ్లు నిండుగా ఊపిరి తీసుకుని పైకి ఎక్కారు. రాతిగోడలు మోగాయి. దీవెన కెమెరాను వాళ్ల ముఖాల మీదికి తిప్పింది. తలుపు దగ్గర, ఒళ్లో ఖాళీ పూలబుట్టతో నిలబడ్డ హులిగెమ్మ కూడా అందులో పడింది. పాట అయ్యాక చాలాసేపటిదాకా కడపనుంచి మాట రాలేదు. దీవెన ఒకసారి వేడి అంకె చూసింది, ఒకసారి ఫ్యాను చూసింది. రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు వచ్చింది.

"తాతయ్య కూడా పాడారు. అందుకే రాయడం ఆలస్యమైంది. మీ అందరికీ నూటికి తొంభై అన్నారు."

"మిగతా పది?" అని అరిచాడు గుమ్మంలోంచి సుంకప్ప.

దీవెన అదే రాసి పంపింది. "వచ్చి ఇక్కడ పాడితే వేస్తారట" అని జవాబు.

సోమవారం పొద్దున శివన్న నున్నటి గుండుతో, చేతిలో మంత్రాలయం పరిమళ ప్రసాదంతో అంగడి తెరిచాడు. దీవెన జరిగిందంతా చెప్పి ఫోటో చూపించింది. ఆయన దారపు ముడులను ఫోనులో పెద్దవి చేసి చూశాడు.

"వెనకాల ఎవురు సూస్తారప్పా అనుకుంటిమి" అన్నాడు. ఆయన ఎప్పుడూ అనే మాటే అది. ఈసారి గొంతు మారింది. "మరి ఇట్ల పైన క్లిప్పులు పెట్టినవి ఇంకేమన్నా ఉండాయా?"

"మూడుండాయన్నా."

శివన్న ప్రసాదం పొట్లం ఆమె ముందుకు తోసి, రెండు పొట్లాల టైలు, విప్పి మళ్లీ బిగించగల ఒక రీలు వెల్‌క్రో పట్టీ అరలోంచి తీసి బల్లమీద పెట్టాడు. దీవెన ఫోను తీసుకుని మొదటి నంబరు నొక్కింది. ఆదోనిలో పెళ్లి వీడియోలు చేసే నాగలతది.

"అక్కా, శివన్న అంగడినుంచి దీవెనను. మీ కంప్యూటరు ఒగసారి తీసుకోని రండి."

"ఏంటికమ్మా? బాగనే నడుస్తాండాది గదా?"

"నడుస్తాండంగనే తీసుకోని రండక్కా. వెనక తలుపు ఒగటి తీయల్ల."

"వెనకేముండాది?"

"రండి, సూపిస్తా" అంది దీవెన.